స్కాన్ రిపోర్టులోని ‘ఇంప్రెషన్’ను కంగారుపడుతున్న రోగికి వివరించడం ఎలా? నిర్ధారణ జోలికి పోకుండా చెప్పే పద్ధతి

రిపోర్టు చేతికి వచ్చింది. డాక్టరుగారిని కలవడానికి ఇంకా రెండు రోజులుంది. ఈలోగా రోగి మీ ముందు కూర్చుని, చివరి పేజీలో ఒక వాక్యం మీద వేలు పెట్టి, ‘దీని అర్థమేమిటి?’ అని అడుగుతున్నారు. అప్పుడు ఏం చెప్పాలి, ఎక్కడ ఆగాలి అని నర్సులు, టెక్నీషియన్లు, ఇంట్లో అందరికంటే కాస్త వైద్యం తెలిసినవాళ్లు నన్ను అడుగుతూనే ఉన్నారు. స్కాన్ విభాగంలో నర్సుగా రిపోర్టులు అందించే బల్ల దగ్గర చాలాకాలం పనిచేశాను. అక్కడ నేర్చుకున్న పద్ధతిని వరుసగా రాస్తున్నాను. ఒకే రిపోర్టును మొదటి నుంచి చివరిదాకా ఉదాహరణగా తీసుకుంటాను.

## 1. ముందు గీత ఎక్కడుందో తెలుసుకోండి

నిర్ధారణ చేయడమంటే భయపెట్టే జబ్బు పేరు చెప్పడమే అని చాలామంది అనుకుంటారు. ‘ఏమీ లేదు, నిశ్చింతగా వెళ్లండి’ అనడం కూడా నిర్ధారణే. జబ్బు లేదని తేల్చడానికి కూడా, ఉందని తేల్చడానికి కావలసినంత సమాచారం కావాలి.

ఇది నాకు సొంత పొరపాటు వల్ల తెలిసింది. ఒక పెద్దాయన రిపోర్టులో ‘మూడు నెలల తరువాత మళ్లీ స్కాన్ తీసి పోల్చాలి’ అని ఉంది. ఆయన చేతులు వణుకుతుంటే చూడలేక, ‘పెద్దగా ఏమీ లేదులెండి’ అన్నాను. ఆయన ఆ మాటే పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్లడమే మానేశారు. తొమ్మిది నెలల తరువాత వేరే పని మీద వచ్చినప్పుడు, ‘మీరే కదమ్మా ఏమీ లేదన్నారు’ అని నవ్వుతూ గుర్తుచేశారు. అదృష్టం కొద్దీ ఆ తరువాతి స్కాన్‌లో మార్పేమీ లేదు. కానీ ఆ నవ్వు నాకు చాలా రోజులు నిద్రపట్టనివ్వలేదు.

అందుకని గీత ఇలా గీసుకున్నాను. కాగితం మీద రేడియాలజిస్టు రాసినదాన్ని, ఆయన ఎంత నమ్మకంతో రాశారో అంతే నమ్మకంతో, రోగికి అర్థమయ్యే మాటల్లో చెప్పవచ్చు. ఆ నమ్మకాన్ని పెంచకూడదు, తగ్గించకూడదు. రిపోర్టులో లేని కారణాన్ని, చికిత్సను, భవిష్యత్తును చేర్చకూడదు.

## 2. రోగి ఎదుట కూర్చోకముందు చేయవలసిన పని

రిపోర్టును మొదటిసారి రోగి ముందు తెరవకండి. మీరు చదువుతున్నంతసేపూ రోగి మీ ముఖాన్ని చదువుతుంటారు. మీరు ఒక పదం దగ్గర ఆగి కనుబొమలు ముడిస్తే ఆ క్షణమే వాళ్లకు మీ రిపోర్టు అందిపోతుంది. అయిదు నిమిషాలు పక్కకు వెళ్లి మొత్తం చదివి రండి.

ఇంప్రెషన్ ఒక్కటే చదివితే సరిపోదు. రిపోర్టులో సాధారణంగా స్కాన్ ఎందుకు తీశారు, ఎలా తీశారు, పాత స్కాన్‌తో పోల్చారా, ఏమేమి కనిపించాయి అన్న భాగాలుంటాయి. వీటన్నిటి సారాంశమే ఇంప్రెషన్. అది రేడియాలజిస్టు తన తోటి డాక్టరుకు రాసిన చిన్న ఉత్తరం లాంటిది, రోగి చదువుతారని రాసినది కాదు. దానిలో మాటలు అంత పొడిగా ఉండటానికి కారణం అదే.

చదివేటప్పుడు ఈ కింది వాటిని ఒక్కొక్కటిగా చూసుకోండి:

- పేరు, వయసు, రిజిస్ట్రేషన్ నంబరు, స్కాన్ తేదీ ఈ రోగివేనా?
- ఇది తుది రిపోర్టా, తాత్కాలిక రిపోర్టా? కింద అదనపు సవరణ ఏదైనా చేర్చారా?
- స్కాన్ ఎందుకు తీయమన్నారో రాసి ఉందా?
- కాంట్రాస్ట్ మందు ఇచ్చి తీశారా, ఇవ్వకుండా తీశారా?
- పాత స్కాన్‌తో పోల్చినట్టు రాశారా?
- వివరాల భాగంలో ‘ఎడమ’ అని, ఇంప్రెషన్‌లో ‘కుడి’ అని ఉందా? కొలతలు రెండుచోట్లా ఒకటేనా?
- డాక్టరును కలిసే తేదీ, సమయం ఖాయమైందా?

ఆరో ప్రశ్న చాదస్తంగా కనిపించవచ్చు. చాలాచోట్ల రిపోర్టులు నోటితో చెబితే కంప్యూటర్ టైపు చేసేవే. ‘లేదు’ అని అర్థమిచ్చే చిన్న మాట ఒకటి జారిపోతే వాక్యం తలకిందులవుతుంది. వివరాల్లో ‘రక్తస్రావం లేదు’ అని ఉండి, ఇంప్రెషన్‌లో ‘రక్తస్రావం’ అని మాత్రమే ఉంటే ఏది నిజమో మీరు ఊహించకూడదు. రేడియాలజీ విభాగానికి ఫోన్ చేసి సరిచూడమని అడగండి, సవరణ వచ్చేదాకా వివరించడం ఆపండి. రోగితో, ‘రిపోర్టులో ఒకచోట రాత సరిపోలడం లేదు, సరిచేయించి చెబుతాను’ అంటే చాలు.

ఇంప్రెషన్ ఉన్న సగం పేజీని ఫోటో తీసి పంపి, ‘దీని సంగతి చెప్పు’ అని అడిగే బంధువులుంటారు. అన్ని పేజీలూ పంపమనండి. పై భాగం లేకుండా కింది భాగానికి అర్థం చెప్పడం మొదలుపెడితే సగం ఊహే అవుతుంది.

## 3. వివరించడం పక్కనపెట్టి ముందు ఫోన్ చేయవలసిన రిపోర్టులు

కొన్ని మాటలు కనిపిస్తే మీ పని వివరించడం కాదు, వెంటనే డాక్టరుకు అందజేయడం. మెదడులో తాజా రక్తస్రావం, ఊపిరితిత్తుల రక్తనాళాల్లో గడ్డకట్టిన రక్తం, పొట్టలో పేగు బయట గాలి, వృషణం లేదా అండాశయం మెలితిరగడం, బృహద్ధమని గోడ చీలడం, వెన్నుపాము మీద ఒత్తిడి వంటివి ఈ కోవలోకి వస్తాయి. సాధారణంగా ఇలాంటివి చూడగానే రేడియాలజిస్టే సంబంధిత డాక్టరుకు ఫోన్ చేసి, ఆ సంగతి రిపోర్టులో కూడా రాస్తారు. అయినా రోగి మీ ఎదుట నిలబడి ఉన్నారంటే ఆ ఫోన్ చేరిందో లేదో మీరే సరిచూడండి.

రోగిని ఇంటికి పంపకండి, ఒంటరిగా వదలకండి. ‘ఈ రిపోర్టును డాక్టరుగారు ఇప్పుడే చూడాలి, అందుకే పిలుస్తున్నాను’ అనండి. అది నిజం, దానికి మించి చెప్పవలసిన అవసరం లేదు.

## 4. మొదటి ప్రశ్న మీరే అడగండి

మిగిలిన రిపోర్టుల విషయంలో తలుపు దగ్గరగా వేసి, కూర్చుని, ముందు మీరే అడగండి. ‘మీరు ఇది చదివారా? ఏ మాట దగ్గర భయం వేసింది?’ ఈ రెండు ప్రశ్నలు పది నిమిషాల వృథా ప్రసంగాన్ని తప్పిస్తాయి. మనం ముఖ్యమనుకున్న వాక్యం, రోగిని రాత్రంతా నిద్రపోనివ్వకుండా చేసిన వాక్యం చాలాసార్లు వేరువేరుగా ఉంటాయి.

ఇక ఉదాహరణ చూద్దాం. యాభై ఎనిమిదేళ్ల ఆవిడ. ఎడమ నడుము పక్క నుంచి గజ్జ దాకా పాకే నొప్పితో వచ్చారు. కాంట్రాస్ట్ లేకుండా కిడ్నీలు, మూత్రనాళాలు, మూత్రాశయం కనిపించేలా సీటీ స్కాన్ తీశారు. ఇంప్రెషన్‌లో మూడు అంశాలున్నాయి. తెలుగులో వాటి సారం ఇది:

1. ఎడమ యూరెటర్ మూత్రాశయంలో కలిసే చోట 4 మిల్లీమీటర్ల రాయి, దానికి పైన తేలికపాటి హైడ్రోయూరెటరోనెఫ్రోసిస్.
2. కుడి కిడ్నీలో 22 మిల్లీమీటర్ల సింపుల్ సిస్ట్.
3. స్కాన్‌లో కనిపించినంత మేర, కుడి ఊపిరితిత్తి అడుగుభాగంలో 5 మిల్లీమీటర్ల నాడ్యూల్, చాలావరకు హానికరం కానిది. పాత స్కాన్లు ఉంటే పోల్చాలి, క్లినికల్ కోరిలేషన్ సూచిస్తున్నాము.

మీరు, నేను మొదటి అంశం గురించే మాట్లాడాలనుకుంటాం. ఆవిడను అడిగితే, ‘రాయి సంగతి సరే తల్లీ, నొప్పి కిడ్నీలో ఉంటే ఊపిరితిత్తుల్లో గడ్డ ఏమిటి?’ అన్నారు. నాడ్యూల్ అనే మాటను వాళ్ల అబ్బాయి ఫోన్‌లో వెతికి చూశాడట. అడగకపోయి ఉంటే పావుగంట సేపు రాయి గురించే చెప్పేదాన్ని, ఆవిడ ఒక్క మాట కూడా వినేవారు కాదు.

## 5. స్కాన్ ఎందుకు తీశారో అక్కడి నుంచి మొదలుపెట్టండి

భయం మూడో అంశం మీద ఉన్నా, ముందు రెండు వాక్యాల్లో స్కాన్ నేపథ్యం చెప్పాలి. ‘ఆ మూడో దాని దగ్గరికి తప్పకుండా వస్తాను, దాటవేయను. ముందు ఈ స్కాన్ ఏ ప్రశ్నతో తీశారో చూద్దాం’ అని మాట ఇవ్వండి. ఆ మాట ఇవ్వకుండా మొదటి అంశంలోకి వెళ్తే ఏదో దాస్తున్నారని అనుకుంటారు.

తరువాత ఒక్కో అంశాన్నీ ఇదే వరుసలో చెప్పండి: ఎక్కడ కనిపించింది, ఎంత ఉంది, రేడియాలజిస్టు దాన్ని ఏమని పిలిచారు, ఎంత నమ్మకంతో అన్నారు, ఏం చేయమని సూచించారు. అయిదో ప్రశ్నకు జవాబు రిపోర్టులో లేకపోతే, లేదనే చెప్పాలి.

మొదటి అంశం. ‘నొప్పికి కారణం వెతకడానికి స్కాన్ తీశారు. కిడ్నీ నుంచి మూత్రం కిందికి వచ్చే సన్నని గొట్టం ఉంటుంది. ఎడమవైపు ఆ గొట్టం చివర, మూత్రాశయంలో కలిసే దగ్గర 4 మిల్లీమీటర్ల రాయి కనిపించిందని రాశారు. దారిలో రాయి ఉండటంతో పైన గొట్టం, కిడ్నీలో మూత్రం చేరే భాగం కొంచెం ఉబ్బాయి. తేలికపాటి ఉబ్బు అన్నది ఆయన మాటే.’

ఇక్కడ ఒక ఆశ పుడుతుంది. ఇంత చిన్న రాళ్లు చాలావరకు వాటంతట అవే పోతాయని మనందరికీ తెలుసు. ఆ మాట అనేయాలనిపిస్తుంది. అనకండి. వేచి చూడాలా వద్దా అన్నది చికిత్స నిర్ణయం. ఆవిడకు జ్వరం ఉందా, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉందా, కిడ్నీ రక్తపరీక్షలు ఎలా ఉన్నాయి అన్నవి ఈ కాగితంలో లేవు. దారి మూసుకున్న కిడ్నీలో ఇన్ఫెక్షన్ చేరితే అది అత్యవసర పరిస్థితి. అందుకని జ్వరం, చలి, మూత్రం రాకపోవడం, ఆగని వాంతులు, తట్టుకోలేని నొప్పి ఉన్నాయేమో అడగండి. ఒక్కటి ఉన్నా రెండు రోజులు ఆగనివ్వకండి, వెంటనే డాక్టరుకు చెప్పండి. ఇప్పుడు లేకపోయినా, మొదలైతే ఎక్కడికి రావాలో చెప్పి పంపండి.

రెండో అంశం. దీనికి రెండు వాక్యాలు చాలు. ‘కుడి కిడ్నీలో 22 మిల్లీమీటర్ల నీటితిత్తి ఒకటి కనిపించింది. సింపుల్ అని రాశారు, అంటే పలుచని గోడతో లోపల నీరు మాత్రమే ఉన్నట్టు కనిపించిందని వాళ్ల భాషలో అర్థం.’ దీన్ని సాగదీస్తే, ఇంతసేపు చెబుతున్నారంటే ఇది కూడా పెద్దదేనేమో అన్న అనుమానం మొదలవుతుంది.

మూడో అంశం. దీనికి సమయం కావాలి. కింది రెండు మెట్లూ దీని కోసమే.

## 6. నమ్మకం ఎంతో చెప్పే మాటలను సరిగ్గా దించండి

రేడియాలజిస్టు చూసేది నీడలను, ఆకారాలను. అందుకే తనకు ఎంత ఖాయమో తెలిపే చిన్న చిన్న మాటలను జాగ్రత్తగా ఎంచుకుంటారు. మనం వివరించేటప్పుడు ముందుగా జారిపోయేవి ఆ మాటలే. ఈ మాటలకు ప్రపంచమంతటా ఒకే కొలమానం లేదు. ఒకే మాటను ఇద్దరు రేడియాలజిస్టులు కాస్త తేడాగా వాడవచ్చు. స్థూలంగా ఇలా ఉంటుంది:

- కన్సిస్టెంట్ విత్: కనిపించినది ఫలానాదానికి బాగా సరిపోతోంది. గట్టి మాటే.
- లైక్లీ, ప్రాబబుల్: అదే అయ్యే అవకాశం ఎక్కువ, నూటికి నూరు కాదు.
- సజెస్టివ్ ఆఫ్: అటువైపు మొగ్గు చూపుతోంది.
- ఇండిటర్మినేట్: ఈ స్కాన్‌తో తేల్చలేకపోయాము. చెడ్డదని అర్థం కాదు, మంచిదనీ కాదు.
- సస్పిషస్: అనుమానించదగినట్టు ఉంది, తరువాతి పరీక్ష అవసరం.
- కెనాట్ బి రూల్డ్ అవుట్: లేదని ఈ స్కాన్ ఆధారంగా చెప్పలేము. రోగులు దీన్ని ‘ఉంది’ అని చదువుకుంటారు.

రోగిని ఊరికే భయపెట్టే మాటలు మరికొన్ని ఉన్నాయి. అక్యూట్ అంటే ఇటీవల మొదలైనది, తీవ్రమైనదని కాదు. క్రానిక్ అంటే చాలాకాలంగా ఉన్నది, నయం కానిదని కాదు. లీజన్ అంటే పక్కనున్న కణజాలానికి భిన్నంగా కనిపించిన చోటు, అంతవరకే. అన్‌రిమార్కబుల్ అంటే చెప్పుకోదగ్గ తేడా ఏదీ కనిపించలేదని. అది మంచి మాటే అయినా దాన్ని చూసి ఏడ్చినవాళ్లను నేను చూశాను.

అంకెల విషయంలో మరో పెద్ద గందరగోళం ఉంది. రొమ్ము స్కాన్లలో వాడే బైరాడ్స్ వర్గాలు 0 నుంచి 6 వరకు ఉంటాయి. ‘బైరాడ్స్ 4’ అని చూడగానే క్యాన్సర్ నాలుగో దశ అనుకుంటారు. అది దశ కాదు. అనుమానం ఎంత, తరువాత ఏం చేయాలి అన్నది చెప్పే వర్గం. 4 అంటే అనుమానించదగినది, సాధారణంగా ముక్క తీసి పరీక్షించమని సూచిస్తారు. ‘బైరాడ్స్ 0’ చూసి ‘సున్నా కదా, ఏమీ లేదు’ అని ఊరట పడేవాళ్లూ ఉంటారు. 0 అంటే చూడటం పూర్తికాలేదు, ఇంకా చిత్రాలు కావాలి లేదా పాతవి తెచ్చి పోల్చాలి అని. అలా అనుకున్నవాళ్లు తిరిగి రారు, అందుకే 4 కంటే 0 ఉన్న రిపోర్టు అందించేటప్పుడు నాకు జాగ్రత్త ఎక్కువ.

మన ఉదాహరణలో రెండు మాటలున్నాయి. ఒకటి ‘చాలావరకు హానికరం కానిది’. దీన్ని చెప్పేటప్పుడు ‘చాలావరకు’ అన్నది మింగేయకూడదు, దాన్నే నొక్కి పలికి భయపెట్టకూడదు. రెండోది ‘క్లినికల్ కోరిలేషన్’. రేడియాలజిస్టు చేతులు దులుపుకున్నారని చాలామంది అనుకుంటారు. దాని అసలు అర్థాన్ని ఈ ఉదాహరణే చూపిస్తుంది.

ఊపిరితిత్తుల్లో అనుకోకుండా కనిపించే చిన్న నాడ్యూల్స్ విషయంలో చాలామంది డాక్టర్లు ఛాతీ స్కాన్లు చూసే నిపుణుల అంతర్జాతీయ సంఘం ఫ్లైష్నర్ సొసైటీ 2017లో ఇచ్చిన మార్గదర్శకాలను చూస్తారు. అందులో 6 మిల్లీమీటర్ల లోపు ఉన్నవాటికి ఒక దారి, 6 నుంచి 8 వరకు ఉన్నవాటికి ఒక దారి, అంతకు మించితే మరో దారి ఉన్నాయి. అయితే అవి 35 ఏళ్లు నిండినవాళ్లకు, ఇదివరకు క్యాన్సర్ లేనివాళ్లకు, రోగనిరోధక శక్తి దెబ్బతిననివాళ్లకు ఉద్దేశించినవి. పొగతాగే అలవాటు వంటివి కూడా లెక్కలోకి వస్తాయి. ఈవిడ పొగతాగారా, ఇదివరకు ఏదైనా క్యాన్సర్‌కు చికిత్స జరిగిందా అన్నది స్కాన్ చూసినవారికి తెలియదు. పరీక్ష రాసిన డాక్టరుకు తెలుస్తుంది. ఈ రెండిటినీ కలిపి చూడమనడమే కోరిలేషన్.

మరి 5 మిల్లీమీటర్లు కదా, 6 లోపే కదా అని మీరే ఆ పట్టిక తెరిచి తీర్పు చెప్పవచ్చా? చెప్పకూడదు. ఆ పట్టికను ఎవరికి వర్తింపజేయాలో తెలియకుండా వాడటమే మనం తప్పించుకోవాలనుకున్న నిర్ధారణ.

## 7. తెలుగులోకి మార్చేటప్పుడు మాట ఎంపిక

నిర్ధారణ చాలాసార్లు అనువాదంలోనే జరిగిపోతుంది. నాడ్యూల్‌ను ‘గడ్డ’ అన్నామా, మన చెవికి అది వెంటనే క్యాన్సర్ గడ్డగా వినిపిస్తుంది. ‘మచ్చే లెండి’ అన్నామా, చర్మం మీది పుట్టుమచ్చలా తేలిపోతుంది. ‘చిత్రంలో చిన్న గుండ్రని చుక్కలా కనిపించింది, దాన్ని వాళ్లు నాడ్యూల్ అంటారు’ అని నేను చెబుతాను. ఊపిరితిత్తుల్లో 3 సెంటీమీటర్ల వరకు నాడ్యూల్ అని, అంతకు మించితే మాస్ అని పిలుస్తారు. రెండిటికీ ‘గడ్డ’ అనే ఒకే మాట వాడితే ఆ తేడా చెరిగిపోతుంది.

అలాగే ‘కిడ్నీ వాచింది’ అంటే కిడ్నీ పాడైందని వింటారు. ‘మూత్రం వెళ్లే దారి ఉబ్బింది’ అంటే జరిగినది జరిగినట్టు తెలుస్తుంది.

పరిమాణం చెప్పడానికి పండ్లతో, కాయలతో పోల్చకండి. స్కేలు తీసి చూపించండి. నేను బల్ల సొరుగులో పిల్లల స్కేలు ఒకటి ఉంచుకునేదాన్ని. సెంటీమీటరులో సగం దగ్గర గోరు పెట్టి, ‘ఇంత’ అని చూపించాను. ఆవిడ స్కేలు చేతిలోకి తీసుకుని కళ్లజోడు సర్దుకుని మరీ చూశారు. ‘ఇంతేనా?’ అన్నారు. అప్పుడు కూడా ‘ఇంతే కదా, చిన్నదే’ అని వంత పాడకూడదు. ‘ఔనమ్మా, కొలత ఇది’ అని ఆగాలి. చిన్నదనేది కొలత, ప్రమాదం లేదనేది తీర్పు.

## 8. ‘క్యాన్సరా, కాదా? ఒక్క మాటలో చెప్పు’ అన్నప్పుడు

ఈ ప్రశ్న తప్పకుండా వస్తుంది. ముందే మాటలు సిద్ధం చేసుకోకపోతే నోటికి వచ్చింది అనేస్తాము. మా మధ్య జరిగిన సంభాషణ ఇది:

‘తల్లీ, నన్ను మభ్యపెట్టకు. అది క్యాన్సరేనా?’

‘ఆ ప్రశ్నకు జవాబు ఈ కాగితంలో లేదమ్మా. ఉండి దాస్తున్నానని అనుకోకండి. రాసినవారు చాలావరకు హానికరం కానిదని అన్నారు. ఖాయం చేసుకోవడానికి మీ పాత స్కాన్లతో పోల్చమన్నారు.’

‘నీకేమనిపిస్తోంది?’

‘నేను డాక్టరును కాను, నాకు అనిపించింది చెబితే మీకు మేలు కంటే కీడే ఎక్కువ. మీకు ఇదివరకు ఎప్పుడైనా ఛాతీ స్కాన్ గానీ, పొట్ట స్కాన్ గానీ తీశారా?’

ఆవిడ కాసేపు ఆలోచించారు. నాలుగేళ్ల కిందట పిత్తాశయం ఆపరేషన్‌కు ముందు పొట్టకు సీటీ తీశారట. సీడీ ఇంట్లో బీరువాలో ఉందట. పొట్ట సీటీలో ఊపిరితిత్తుల అడుగుభాగం కూడా పడుతుంది, అంటే నాడ్యూల్ ఉన్న చోటు ఆ పాత చిత్రాల్లో కూడా ఉండే అవకాశం ఉంది. అప్పటికే ఆ చుక్క ఉందా, ఉంటే ఎంత ఉంది అన్నది పోల్చి చూసేవారికి చాలా విలువైన సమాచారం. ‘ఆ సీడీ, దాని రిపోర్టు రెండూ తీసుకురండి’ అన్నాను. ఆవిడకు ఓ పని దొరికింది. వచ్చినప్పటి నుంచి గట్టిగా పట్టుకున్న సంచీని అప్పుడు పక్కన పెట్టారు.

ఆ ఒక్క ప్రశ్న, పాత స్కాన్ ఉందా అన్నది, నిర్ధారణ చేయకుండా మీరు చేయగల అతి పెద్ద సాయం. సీడీ లేకపోతే ఎక్కడ, ఏ సంవత్సరంలో తీశారో రాయించండి. చాలాచోట్ల పాత చిత్రాలు వాళ్ల కంప్యూటర్లలో ఉంటాయి.

## 9. తిరిగి చెప్పించుకోండి

‘అర్థమైందా?’ అని అడిగితే అందరూ ‘ఆ’ అంటారు. అలా అడగకండి. ‘ఇంటికి వెళ్లాక మీ అబ్బాయి అడిగితే ఏమని చెబుతారు?’ అనండి.

ఆవిడ మొదటిసారి, ‘రాయి ఉంది, నీటితిత్తి ఉంది, ఊపిరితిత్తుల్లో ఏమీ లేదట’ అన్నారు. నేను ఆ మాట అనలేదు, అయినా ఆవిడ చెవికి అలా చేరింది. మనసు తనకు కావలసినదే ఏరుకుంటుంది. ‘చివరి దాన్ని కాస్త సవరించుకుందామమ్మా. చిన్న చుక్క కనిపించింది, చాలావరకు హానికరం కాదన్నారు, పాత స్కాన్‌తో పోల్చి డాక్టరుగారు చెబుతారు’ అని మళ్లీ చెప్పాను. రెండోసారి సరిగ్గా చెప్పారు. రెండుసార్లు చెప్పినా సరిగ్గా రాకపోతే, ఒక కాగితం మీద మూడు వాక్యాలు పెద్ద అక్షరాలతో రాసి ఇవ్వండి. ఇంట్లోవాళ్లను కూర్చోబెట్టి చెప్పాలంటే ముందు రోగి అనుమతి అడగండి.

## 10. తరచూ జరిగే పొరపాట్లు, వాటి దిద్దుబాటు

ఇంప్రెషన్‌ను మక్కీకి మక్కీ చదివి వినిపించడం. గీత దాటలేదు కదా అనుకుంటాము, కానీ రోగి వచ్చినప్పటికంటే ఎక్కువ భయంతో వెళ్తారు. ప్రతి అంశానికీ ఎక్కడ, ఎంత, ఏమని పిలిచారు అన్న మూడింటినైనా సొంత మాటల్లో చెప్పండి.

ఇంకొకరి కథ చెప్పడం. ‘మా బంధువుకూ ఇలాగే ఉండేది, ఏమీ కాలేదు’ అన్నది ప్రేమతో అనే మాటే. ఆ బంధువు వయసు, చరిత్ర, నాడ్యూల్ వేరు. నోట జారితే వెంటనే, ‘అది వాళ్ల సంగతి, మీది మీ డాక్టరుగారు చూడాలి’ అని సరిదిద్దండి.

వివరాల్లో ఉండి ఇంప్రెషన్‌లో లేని అంశం. ‘లోపల కాలేయంలో కొవ్వు అని ఉంది, కింద ఎందుకు రాయలేదు?’ అని అడుగుతారు. దాచారని కాదు, అడిగిన ప్రశ్నకు అది ముఖ్యం కాదనుకుని ఉండవచ్చు. ముఖ్యమో కాదో మీరు తేల్చకండి. డాక్టరును అడగవలసిన ప్రశ్నల్లో చేర్చండి.

స్కాన్‌కు లేని శక్తిని అంటగట్టడం. ‘మొత్తం పొట్ట చూశారు కదా, మిగతాదంతా బాగున్నట్టేనా?’ రాయి కోసం కాంట్రాస్ట్ లేకుండా తీసిన స్కాన్‌లో కాలేయం, క్లోమం వంటి అవయవాల్లోని చిన్న తేడాలు సరిగ్గా కనిపించకపోవచ్చు. ‘ఈ స్కాన్ రాయిని వెతకడానికి తీసినది, మిగతావాటి గురించి రాసినంత మేరకే చెప్పగలం’ అనండి.

అప్పటికే తప్పు మాట అనేసి ఉండటం. నాలాగా ‘ఏమీ లేదు’ అనేశారనుకోండి. ఫోన్ చేసి, ‘నేను అలా అనకుండా ఉండవలసింది, రిపోర్టులో మళ్లీ చూడమని ఉంది, తప్పకుండా డాక్టరును కలవండి’ అని చెప్పండి. సిగ్గుపడే ఫోన్ అది, అయినా అదే రోజు చేయాలి.

## 11. పంపే ముందు

- జ్వరం, వాంతులు, నొప్పి వంటి ప్రమాద లక్షణాలు, అవి వస్తే వెళ్లవలసిన చోటు చెప్పారా?
- డాక్టరును కలిసే తేదీ రోగి చేతిలో రాసి ఉందా?
- తీసుకురావలసినవి రాశారా? ఈ రిపోర్టు, ఈ స్కాన్ సీడీ, పాత సీడీ, పాత రిపోర్టు, వాడుతున్న మందుల జాబితా.
- డాక్టరును అడగవలసిన ప్రశ్నలు రోగి మాటల్లోనే రాశారా?
- మీరు ఏం చెప్పారో కేసు షీటులో ఒక వాక్యం రాశారా?

ప్రశ్నలను మూడుకు మించనివ్వకండి, ఎక్కువైతే అసలుది అడగకుండానే సమయం అయిపోతుంది. ఆవిడ కాగితం మీద ఇవి రాసుకున్నాము: ‘రాయి కోసం ఆగాలా, ఏమైనా చేయాలా? ఊపిరితిత్తిలోని చుక్క పాత స్కాన్‌లో ఉందా? దానికి మళ్లీ స్కాన్ కావాలా, కావాలంటే ఎప్పుడు?’

కేసు షీటులో నేను రాసినది: ‘ఇంప్రెషన్‌లోని మూడు అంశాలు రిపోర్టులో ఉన్నంత మేరకు వివరించాను. జ్వరం, వాంతులు లేవని చెప్పారు. ఊపిరితిత్తి నాడ్యూల్ గురించి ఆందోళన పడుతున్నారు. నాలుగేళ్ల కిందటి పొట్ట సీటీ సీడీ తెస్తారు, పోల్చవలసి ఉంది.’ ఆఖరి వాక్యం కింద గీత గీశాను, డాక్టరుగారి కన్ను ముందు అక్కడ పడాలని.